తరగని బిడ్

టేపు చదవడం గురించి రిచర్డ్ వైకాఫ్ 1910లో ఒక పుస్తకం తెచ్చాడు. సొంత పేరుతో కాదు, రోలో టేప్ అనే మారుపేరుతో. ఆ రోజుల్లో బ్రోకరు ఆఫీసులో టికర్ మెషీను నుంచి సన్నటి కాగితం పట్టీ వస్తూ ఉండేది. దాని మీద జరిగిపోయిన లావాదేవీలే పడేవి. ఎవరు ఎంత కొనాలని కాచుకుని ఉన్నారో అందులో తెలిసేది కాదు. ఇవాళ మన ఫోన్లో రెండూ ఉన్నాయి. వరసలో నిలబడ్డ ఆర్డర్ల పట్టిక ఒకటి, దాన్ని డెప్త్ అంటారు. జరిగిన ట్రేడ్ల చిట్టా ఇంకొకటి, అది టైమ్ అండ్ సేల్స్. కథల్లో ఒక పాత్ర తన గురించి చెప్పుకునేదాన్నీ, నిజంగా చేసేదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాం కదా, ఇక్కడ చెయ్యాల్సిందీ అదే.

డెప్త్ కొత్తగా చూసేవాళ్ల కన్ను అన్నిటికంటే పెద్ద అంకె మీద పడుతుంది. ఒక ధర దగ్గర లక్ష షేర్ల కొనుగోలు ఆర్డరు కనిపిస్తే, అక్కడెవరో పెద్ద పార్టీ ఉందనుకుంటారు. కానీ నిజంగా లక్ష షేర్లు కావలసినవాడు ఆ సంగతి బజారుకి ఎందుకు చెబుతాడు? చెబితే అమ్మేవాళ్లు ధర పెంచుతారు. పైగా ఆ ఆర్డరుని క్షణంలో వెనక్కి తీసుకోవచ్చు. లండన్ శివార్లలో తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని నవీందర్ సింగ్ సరావ్ అమెరికా ఫ్యూచర్స్‌లో చేసిందిదే. అమ్మే ఉద్దేశం లేకుండా పెద్ద పెద్ద అమ్మకం ఆర్డర్లు చూపించి, అవి అమలయ్యేలోపే తీసేసేవాడు. 2016లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. జరిగిన ట్రేడుని మాత్రం ఎవరూ అలా వెనక్కి తీసుకోలేరు.

నిజంగా కొనేవాడు దాక్కోవడానికి ఎన్‌ఎస్‌ఈ ఒక దారి ఇచ్చింది. మొత్తం ఆర్డరులో కనీసం పదో వంతు బయటికి చూపిస్తే చాలు, మిగతాది దాచుకోవచ్చు. చూపించిన ముక్క అమ్ముడైపోగానే తర్వాతి ముక్క దానంతటదే బయటికొస్తుంది. పూర్తిగా దాక్కోలేడు కాబట్టి ఆనవాలు మిగులుతుంది. అది దొరికేది డెప్త్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని `Orders` అనే కాలమ్‌లో. ఆ ధర దగ్గర ఎన్ని ఆర్డర్లున్నాయో అది చెబుతుంది.

ఈమధ్య చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. బాగా చేతులు మారే ఒక పెద్ద బ్యాంకు షేరు అది. అంకెల్ని కాస్త గుండ్రం చేశాను. పొద్దున 11:20కి 842.50 దగ్గర కొనేవాళ్లు 37 ఆర్డర్లు, మొత్తం 14,000 షేర్లు. అమ్మకాలు వచ్చి పడుతున్నాయి. నాలుగు నిమిషాల్లో ఆ ఒక్క ధర దగ్గరే సుమారు 84,000 షేర్లు చేతులు మారాయి. అయినా బిడ్ అక్కడే ఉంది. చివర్లో చూస్తే 9,000 షేర్లున్నాయి, కానీ ఆర్డర్లు ఆరే. మధ్యలో కూడా అంకె వెయ్యికో రెండు వేలకో పడిపోవడం, మళ్లీ 9,000కి లేవడం, ఆర్డర్ల సంఖ్య మాత్రం పెరగకపోవడం. చిన్నవాళ్లు వచ్చి చేరుతుంటే ఆ సంఖ్య కూడా పెరగాలి. నేను వేసుకునే లెక్క ఇంతే:

```
refill = traded_at_bid - (qty_before - qty_after)
       = 84000 - (14000 - 9000)
       = 79000
```

అంటే 79,000 షేర్లు మొదట్లో తెర మీద లేనివి. అందులో చాలా భాగం ఒక్కరివే అయుండాలి.

ఆ సమయంలో మా బాబాయి కొడుకు వీడియో కాల్‌లో అదే తెర చూస్తున్నాడు. ఉద్యోగం పోయి అయిదు నెలలైంది. పిన్ని పేరున ఉన్న స్థలం అమ్మిన డబ్బులో ఆరు లక్షలు ట్రేడింగ్ ఖాతాలో వేశాడు. ఇంట్రాడేలో అయిదింతల దాకా కొనొచ్చు కాబట్టి వాడి లెక్కలో అది ముప్పై లక్షలు.

“అన్నయ్యా, పెద్ద పార్టీ దొరికాడు. ఎక్కేద్దామా?”

“దొరికాడు సరే. వాడికింకా ఎన్ని కావాలో లెక్కెయ్యి” అన్నాను.

పదో వంతు నియమం ఇక్కడ పనికొస్తుంది. చూపించే ముక్క 9,000 అయితే ఆర్డరు మొత్తం 90,000కి మించకూడదు, అంటే దాదాపు ఏడున్నర కోట్ల రూపాయలు. ఆ 79,000లో 70,000 కొనేశాడు, 9,000 తెర మీద ఉన్నాయి. ఇంక దాచుకున్నవి మహా అయితే పదకొండు వేలు. మనకి నమ్మకం కుదిరింది వాడు కొన్నందువల్ల. కొనేకొద్దీ వాడి అవసరం తగ్గుతుంది. సాక్ష్యం బలపడే వేగమూ, ఆ కొనుగోలు అయిపోయే వేగమూ ఒకటే. వాడు ఇంకో ఆర్డరు వేస్తాడా అన్నది తెర చెప్పదు.

11:27కి ఆ 9,000 కూడా తినేశారు. ఈసారి మళ్లీ నిండలేదు. ధర 841.90కి జారింది. 842.55కి మూడున్నర వేల షేర్లు కొని ఉంటే నష్టం దాదాపు 2,300 రూపాయలు. అమ్మేటప్పుడు కట్టే ఎస్‌టీటీ 0.025 శాతం, అదింకో 740. ఆ పన్ను ఒక్కటే షేరుకి 21 పైసలు, అంటే అయిదు పైసల మెట్లు అయిదు మనవైపు కదిలితే గానీ దానికే సరిపోదు. కొనేవాడికి ఇంకా ఆకలి ఉంటే ఇంకోలా కనిపించేది. 842.50 దగ్గర అమ్మకాలు ఆగాక బిడ్ 842.60, 842.70 అంటూ ధర వెంట పైకి జరిగేది, అక్కడా అలాగే నిండేది. నేను ఎదురుచూసే గుర్తు అదే.

మన తెరకి ఇంకో లోపముంది. మామూలు ఖాతాలకి వచ్చేది ప్రతి ట్రేడూ కాదు, కొద్ది కొద్ది వ్యవధిలో తీసిన ఫొటోలు. రెండు ఫొటోల మధ్య వాల్యూమ్ 6,430 పెరుగుతుంది, చివరి ట్రేడు మాత్రం 25 షేర్లని చూపిస్తుంది. మిగతా 6,405 ఏ ధర దగ్గర జరిగాయో మనం ఊహించుకోవాల్సిందే. 84,000కి ముందు “సుమారు” అని రాసింది అందుకే. అన్ని ట్రేడ్లూ విడివిడిగా వచ్చే ఫీడు ఉంది, కానీ దాన్ని చదివేవి ఎక్స్ఛేంజి పక్కనే పెట్టిన కంప్యూటర్లు.

ఇదంతా సరిగ్గా చదివినా కొంటున్నవాడు ఎందుకు కొంటున్నాడో తెలియదు. తమ్ముడికి చెప్పడానికి కష్టమైంది ఈ మాటే. ఇక్కడ షేర్లు కొంటూనే అదే షేరు ఫ్యూచర్స్ అమ్ముతూ, రెంటి మధ్య తేడా మిగుల్చుకునేవాడు కావచ్చు. వాడికి ధర పెరిగినా తగ్గినా ఒకటే. ఇండెక్స్ ఫండ్ కావచ్చు, దానికి అభిప్రాయమే ఉండదు. నిన్న అప్పుగా అమ్మినదాన్ని తిరిగి కొని సర్దుకుంటున్నవాడూ కావచ్చు.

సాయంత్రం ఎన్‌ఎస్‌ఈ డెలివరీ శాతం ఇస్తుంది, అంటే ఆ రోజు చేతులు మారిన షేర్లలో నిజంగా ఖాతాలకి చేరినవెన్నో. మామూలు రోజులకంటే అది బాగా ఎక్కువుంటే పగలు చూసిన కొనుగోలు నిలబడిందనుకోవచ్చు. బల్క్ డీల్స్ జాబితాలో పేరు వెతకడం దండగ. కంపెనీ మొత్తం షేర్లలో 0.5 శాతం దాటితేనే అందులోకి ఎక్కుతారు. పెద్ద బ్యాంకు విషయంలో ఏడున్నర కోట్లు దాని దరిదాపుల్లోకి కూడా రావు.

క్యాష్ మార్కెట్లో ఇంట్రాడే చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురు 2022-23లో నష్టపోయారని సెబీ అధ్యయనం చెప్పింది. తమ్ముడికి ఆ అంకె ముందే తెలుసు, మిగతా ముగ్గురిలో తనున్నానని నమ్మకం. అందుకని ఒక పని అప్పగించాను. ముప్పై రోజులు డబ్బు పెట్టకుండా, తరగని బిడ్ కనిపించిన ప్రతిసారీ టైము, ధర, `Orders` సంఖ్య, పది నిమిషాల తర్వాత ధర రాయాలి. పదకొండు రోజులవి రాశాడు. వాటిలో బిడ్ పైకి జరిగినవి ఎన్నో, అక్కడే ఆరిపోయినవి ఎన్నో విడిగా లెక్కపెడుతున్నాం. ఆరు లక్షలూ ఇంకా ఖాతాలోనే ఉన్నాయి.