15లోపు కాదు సార్, 20 దాకా టైమ్ ఇవ్వండి

మా కాలేజీ ఆఫీసు కిటికీ ముందు నేను మొదటిసారి ఇచ్చిన లెటర్ ఒకటిన్నర పేజీ ఉంది. మా బాపు కష్టం, మా అమ్మ ఆరోగ్యం, నా చదువు మీద నాకున్న ఇష్టం... అన్నీ రాశాను. స్కాలర్‌షిప్ సెక్షన్ సార్ మొత్తం చదివారు పాపం. చదివి, "అంతా మంచిగనే ఉందమ్మా, ఎన్ని రోజులు గావాల్నో ఎక్కడ రాసినవ్?" అన్నారు.

నిజమే, రాయలేదు.

సంగతి ఏంటంటే, ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి దరఖాస్తు చేయాలంటే ఆదాయం సర్టిఫికెట్ కావాలి. అది లేకపోతే ఆ ఏడాది ఫీజు మొత్తం మేమే కట్టుకోవాలి. మా కాలేజీ వాళ్లు స్కాన్ కాపీలు 15వ తేదీలోపు తమ ఫారంలో అప్‌లోడ్ చేయమన్నారు. నేను 3వ తేదీ సోమవారమే మీ సేవలో అప్లై చేశాను. 12 వచ్చినా ఫోన్లో స్టేటస్ కదల్లేదు.

ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి పటాన్‌చెరు తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లాను. మేముండేది ఇస్నాపూర్‌లో, కాలేజీ సంగారెడ్డిలో. ఒకటి హైవేకి ఇటు, ఇంకోటి అటు. ఆ రోజు క్లాసులు పోయినట్టే. అక్కడ తెలిసింది, మీ సేవలో ఇచ్చిన దరఖాస్తు ముందు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణకి వెళ్తుందట. ఆయన రిపోర్టు రాస్తేనే తహసీల్దార్ డిజిటల్ సంతకం పడుతుంది. నాది ఆయన దగ్గరే ఉంది. మా బాపుకి రెండుసార్లు ఫోన్ చేశారట. బాపు పనిచేసే పాశమైలారం కంపెనీలో ఫోన్ గేటు దగ్గరే పెట్టి లోపలికి పోవాలి. సాయంత్రం తెలియని నంబర్ మిస్డ్ కాల్ చూసి, ఏ లోనోళ్లో అనుకుని వదిలేశాడు!

ఇంకో చిక్కు కూడా ఉంది. మా ఆధార్, రేషన్ కార్డు రెండూ నారాయణఖేడ్ వైపు ఊరి అడ్రస్‌తోనే ఉన్నాయి. ఇక్కడ అద్దెకుంటున్నట్టు కాగితం లేదు. ఈ ఇండస్ట్రియల్ ఏరియాలో అద్దె గదుల్లో ఉండే చాలామందిది ఇదే కథ అనుకుంటా. పైగా బాపు కాంట్రాక్టర్ కింద పని, పే స్లిప్ అంటే ఆయనకు తెలియదు. ఇంటి ఓనర్‌తో కిరాయి రాయించుకొని, కరెంటు బిల్లు, బాపు బ్యాంకు పాస్‌బుక్‌లో జీతం పడిన పేజీలు తెస్తే విచారణ పూర్తి చేస్తామన్నారు. మంగళవారానికి, అంటే 18కి రావచ్చన్నారు.

ఇప్పుడు నాకు లెటర్‌లో రాయడానికి విషయం దొరికింది. 12న సాయంత్రమే రెండో లెటర్ రాశాను:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, నేను బీకాం మొదటి సంవత్సరం విద్యార్థినిని. ఆదాయం సర్టిఫికెట్ కోసం ఈ నెల 3న మీ సేవలో దరఖాస్తు చేశాను. ప్రస్తుతం అది రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణలో ఉంది. 18 నాటికి రావచ్చని ఆఫీసులో చెప్పారు. కావున అప్‌లోడ్ చేయడానికి నాకు 20వ తేదీ వరకు గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మిగతా పత్రాలన్నీ అప్‌లోడ్ చేశాను. మీ సేవ రశీదు, ఈ రోజు స్టేటస్ ప్రింటు జతచేశాను."

కింద దరఖాస్తు నంబర్, నా హాల్ టికెట్ నంబర్, ఫోన్ నంబర్. అంతే.

"20 ఎందుకు? 18 అంటున్నరు గదా?" అన్నారు సార్. ఒక్కరోజు సంతకం ఆలస్యమైతే మళ్లీ మీ దగ్గరకే రావాలి కదా సార్ అన్నాను. ఆయన నవ్వి ఒక మాట చెప్పారు. 15 అనేది కాలేజీ పెట్టుకున్న తేదీ, కాగితాలు చెక్ చేసుకోవడానికి. దాన్ని ప్రిన్సిపాల్ మేడం జరపగలరు. ఈపాస్ చివరి తేదీ ప్రభుత్వానిది, అది నెలాఖరు, దాన్ని వీళ్లెవరూ ఒక్క రోజు కూడా జరపలేరు. నేను నెలాఖరు దాకా అడిగి ఉంటే ఒప్పుకునేవాళ్లు కాదట.

లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లమని మా సీనియర్ అక్క ముందే చెప్పింది. రెండో దాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకున్నాను. రేపు ఇంకో సార్ కూర్చుని "ఎవరిచ్చారు టైమ్?" అంటే చూపించడానికి.

సర్టిఫికెట్ 18న రాలేదు. 19 మధ్యాహ్నం వచ్చింది. మీ సేవలో ప్రింటు తీసి ఫోటో కొట్టి పెడితే సైజు ఎక్కువైందని ఫారం తీసుకోలేదు. స్కాన్ చేయించి, సైజు తగ్గించి, ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడే అప్‌లోడ్ చేశాను.

ఇంటికెళ్లి చెప్తే బాపు, "ఆ నంబర్ ఏమని సేవ్ జేసుకోవాలె?" అని అడిగాడు. విచారణ కోసం ఆయన మానేసిన ఒక పూట డ్యూటీ డబ్బులు ఆ నెల జీతంలో తగ్గాయి. దానికి లెటర్ ఎవరికి రాయాలో నాకు తెలియలేదు.