రెండు స్టార్ల రివ్యూ

"దొంగలు. పదకొండు వందల డాలర్లు మింగేశారు. రెండు వారాలు ఆలస్యం. డ్రైవరు తాగి వచ్చాడు. ఫోన్ చేస్తే ఒక్కడూ ఎత్తడు. వీళ్ళ జోలికి పోకండి."

న్యూజెర్సీ నుంచి డాలస్‌కి మా సామాను తెచ్చిన మూవర్స్ గురించి అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో నేను రాసిన వాటిలో నలుగురికీ చూపించదగ్గ మాటలు ఇవే. మిగతావి మా అత్తగారి చెవిన పడకపోవడమే మంచిది. అప్పుడే పోస్ట్ చేసేదాన్ని. బిల్లు ఫొటో కూడా జత చేద్దామని కాగితాల కవరు కోసం వెతికితే, అది ఏ పెట్టెలో ఉందో అంతుపట్టలేదు. అలా ఆగింది.

మర్నాడు కవరు దొరికింది. రాసిన ఒక్కో మాటనీ అందులోని కాగితాల పక్కన పెట్టి చూశాను.

ముందు ఆ పదకొండు వందల సంగతి. ఎస్టిమేట్ 3,000 డాలర్లు, బిల్లు 4,100. అయితే ఎస్టిమేట్ మీద "నాన్-బైండింగ్" అని ఉంది. అంటే అది అంచనా మాత్రమే, అసలు లెక్క తూకం మీద తేలుతుంది. ఖాళీ లారీ తూకం చీటీ, సామాను ఎక్కించాక వేసిన తూకం చీటీ రెండూ కవర్లోనే ఉన్నాయి. అయిదువేల పౌండ్లు ఉంటుందనుకున్న సామాను ఆరువేల ఎనిమిది వందలు దాటింది. కాబట్టి పదకొండు వందలు మింగేశారనడానికి నా దగ్గర ఆధారం లేదు. బరువు పెరిగింది, బిల్లు పెరిగింది.

మరి నాకు అంత మంట ఎందుకు? ఆ కవర్లోనే ఒక పుస్తకం కూడా ఉంది. రాష్ట్రం దాటి సామాను తీసుకెళ్ళే ప్రతి మూవరూ ముందుగానే ఇవ్వాల్సిన, వినియోగదారుల హక్కులు చెప్పే ప్రభుత్వ పుస్తకం. ముట్టిందని సంతకం పెట్టించుకుంటారు, చదివేవాళ్ళు తక్కువ. అందులో స్పష్టంగా ఉంది: నాన్-బైండింగ్ ఎస్టిమేట్ అయితే, సామాను దించేటప్పుడు ఎస్టిమేట్‌లో 110 శాతానికి మించి కట్టమని అడగకూడదు. మాకైతే అది 3,300. ఆ డబ్బు తీసుకుని సామాను అప్పగించాలి. మిగిలిన 800కి డెలివరీ అయిన 30 రోజుల తర్వాతే బిల్లు పంపాలి. మధ్యలో మనం కొత్త పనులేవైనా చెప్పి ఉంటే వాటి లెక్క వేరు. మా బిల్లులో అలాంటివి లేవు. మా డ్రైవరు మాత్రం మొత్తం 4,100 చేతిలో పడేదాకా లారీ తలుపు తీయనన్నాడు. పిల్లలు పరుపులు లేకుండా పడుకుంటున్నారు, మా ఆయన బ్యాంకుకి పరుగెత్తాడు.

చెప్పుకోవాల్సిన ఫిర్యాదు అదీ. రాత్రి రాసిన దాంట్లో దాని ఊసే లేదు! "దొంగలు" అంటే కంపెనీవాళ్ళు తూకం చీటీలు పెట్టి ఒక్క నిమిషంలో నా నోరు మూయించేవాళ్ళు. "3,300 తీసుకుని దించాల్సింది, 4,100 కడితేనే దించారు" అంటే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్ళు.

ఆలస్యం సంగతీ ఇంచుమించు అంతే. సేల్స్ అబ్బాయి ఫోన్‌లో "వారంలో వచ్చేస్తుందండీ" అన్నాడు. నేను రోజులు లెక్కపెట్టింది ఆ మాటని పట్టుకుని. బిల్ ఆఫ్ లేడింగ్‌లో మాత్రం జూన్ 10 నుంచి 18 లోపు అని ఉంది. సామాను 21న వచ్చింది. రెండు వారాలు కాస్తా మూడు రోజులకి దిగింది. ఎవరూ ఫోన్ ఎత్తరన్నది కూడా కాల్ లిస్టు చూస్తే పూర్తిగా నిజం కాదు. 16న ఎత్తి మాట్లాడారు. గడువు దాటాక, 19న, 20న ఎత్తలేదు. నాకైతే "ఎప్పుడూ ఎత్తరు" కంటే ఈ రెండు తేదీలే ఘాటుగా అనిపించాయి.

డ్రైవరు తాగాడనడం ఇంకా దారుణం. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నేను చూసింది అంతే. రాత్రంతా లారీ నడిపితే ఎవరి కళ్ళయినా అలాగే ఉంటాయి. అమెరికాలో "సర్వీసు నాకు నచ్చలేదు" అన్నది అభిప్రాయం, దాని మీద కోర్టుకి లాగడం తేలిక కాదు. "తాగి నడిపాడు" అన్నది మాత్రం నిజమో అబద్ధమో తేల్చదగ్గ ఆరోపణ. అబద్ధమని తేలితే మెడకి చుట్టుకుంటుంది. పైగా అతని ఉద్యోగం పోవచ్చు. ఆ వాక్యమూ, అతని పేరూ రెండూ తీసేశాను.

ఒప్పందం చివర చిన్న అక్షరాల్లో ఇంకో మెలిక కనిపించింది. కంపెనీ పేరు పాడయ్యేలా ఎక్కడైనా రాస్తే జరిమానా అట. మా ఆయన అది చూసి "అసలు రాయడమే మానేయ్" అన్నారు. అయితే 2016లో వచ్చిన కన్స్యూమర్ రివ్యూ ఫెయిర్‌నెస్ యాక్ట్ ప్రకారం, వాళ్ళే రాసిపెట్టి మనచేత సంతకం మాత్రమే పెట్టించుకునే ఒప్పందాల్లో ఇలాంటి షరతు చెల్లదు. నిజాయితీగా రాసే రివ్యూకి ఆ చట్టం అండ ఉంది. అబద్ధాలకి లేదు.

ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో గోడు వెళ్ళబోసుకుంటే వెంటనే ఓ తమ్ముడు, "అక్కా, మనందరం తలా ఒక స్టార్ కొడదాం, దెబ్బకి దిగొస్తారు" అన్నాడు. అభిమానం మంచిదే కానీ, ఆ కంపెనీతో సామాను పంపనివాళ్ళు రాస్తే అవి దొంగ రివ్యూలే. గూగుల్ పసిగడితే వాటిని తీసేస్తుంది. ఆ తొక్కిసలాటలో నా నిజమైన రివ్యూ కూడా వాటిలో ఒకటిగానే కనిపిస్తుంది. వద్దన్నాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

చివరికి పెట్టింది ఇది:

"జూన్‌లో న్యూజెర్సీ నుంచి డాలస్‌కి, రెండు బెడ్‌రూముల సామాను. నాన్-బైండింగ్ ఎస్టిమేట్ 3,000 డాలర్లు. తూకం తర్వాత బిల్లు 4,100, తూకం చీటీలు ఇచ్చారు. ఎస్టిమేట్‌లో 110 శాతం, అంటే 3,300 తీసుకుని సామాను దించాలని ఫెడరల్ నిబంధన. మేము మొత్తం 4,100 కట్టాకే లారీ తెరుస్తామన్నారు. ఒప్పందంలో గడువు జూన్ 18, సామాను వచ్చింది 21న. 19న, 20న ఆఫీసువాళ్ళు ఫోన్ ఎత్తలేదు. ప్యాకింగ్ చేసినవాళ్ళు చాలా జాగ్రత్తగా చేశారు, ఒక్క గాజు గ్లాసు కూడా పగల్లేదు. వెట్ గ్రైండర్ రాయి విరిగింది, క్లెయిమ్ పెట్టాం."

ప్యాకింగ్ కుర్రాళ్ళ కోసమే రెండో స్టార్. బిల్లు ఫొటోలో మా అడ్రసూ, ఫోన్ నంబరూ, డ్రైవరు సంతకమూ కనపడకుండా చేశాను.

కొన్నాళ్ళకి మేనేజరు ఫోన్ చేశాడు. రివ్యూ తీసేస్తే రెండొందలు వెనక్కిస్తానన్నాడు. తీయనని, ఇందులో తప్పున్న లైను ఏదో చూపిస్తే దిద్దుతానని చెప్పాను. ఒక్కటీ చూపించలేకపోయాడు. గ్రైండర్ క్లెయిమ్ మాత్రం గడువులోపలే తేల్చారు. మేము సంతకం పెట్టింది అదనపు ఖర్చులేని మామూలు పరిహారానికి. అందులో ఏ వస్తువుకైనా పౌండుకి 60 సెంట్లే. మా గ్రైండర్ 30 పౌండ్లు. పద్దెనిమిది డాలర్ల చెక్కు వచ్చింది. తేదీ వేసి రివ్యూ కింద అదీ చేర్చాను: "క్లెయిమ్ ఒప్పందం ప్రకారమే చెల్లించారు." కొత్త గ్రైండర్ ఎంతో అందులో రాయలేదు, అది వాళ్ళ తప్పు కాదు కనక.