మూడు రోజుల నడకకు మూటలో ఎంత తిండి?

మా తనకల్లు ప్రాంతంలో నడకకు వెళ్లేవారి మూటలో రెండు వస్తువులు బరువు: ఒకటి నీళ్లు, రెండవది అన్నం. విచిత్రమేమంటే, ఆ అన్నంలోనూ మూడింట రెండు వంతులు నీళ్లే. ఈ చిన్న సంగతి నాకు వైద్యం చదివిన నలభై ఏళ్ల తర్వాత, భుజం నొప్పి పెట్టినప్పుడు గాని తట్టలేదు.

పదవీ విరమణ చేసిన కొన్నాళ్లకు, ఒక డిసెంబరు నెలలో, నలుగురం మిత్రులం తనకల్లు నుంచి ములకలచెరువు, బి.కొత్తకోటల మీదుగా హార్స్‌లీ హిల్స్ వరకు మూడు రోజులలో నడిచి చేరాలని బయలుదేరాము. మా పెద్దలు దానిని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. ఎత్తు నాలుగు వేల అడుగులకు పైమాటే. వైద్యుడిని గనుక భోజన ప్రణాళిక నాకే అప్పగించారు. నేను ఇంట్లో తినే లెక్కనే రాశాను: పులిహోర, పెరుగన్నం, చపాతీలు, అరటిపండ్లు. మొదటి రోజుకే మనిషికి కిలోన్నర తూగింది.

వండిన అన్నం వంద గ్రాములు తింటే వచ్చేది సుమారు 130 క్యాలరీలు. అదే బియ్యంగా మోస్తే వంద గ్రాములకు 350. వేయించిన వేరుశనగ, అంటే మన సీమ బుడ్డలు, వంద గ్రాములకు దాదాపు 570. ఇంటి ముందు పండే పంటను వదిలి నేను నీటిని మోయించాను. అంతేకాదు, పెరుగన్నం ఎండకు పులిసిపోయి రెండవ రోజు ఉదయం పారబోయవలసి వచ్చింది.

అసలు ఆపద అక్కడే మొదలైంది. మాలో ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు, మధుమేహం ఉన్నవారు. రోజూ వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్రను యథాప్రకారం వేసుకుని, పెరుగన్నం లేదు గనుక ఒక అరటిపండుతో సరిపెట్టుకున్నారు. పదకొండు గంటల వేళ వెనుకబడ్డారు. చల్లగాలి వీస్తున్నా నుదుటిపై చెమట, చేతుల్లో వణుకు. "మాష్టారూ, కాసేపు కూర్చుందామా?" అంటే, "ఎందుకు, నాకేమైందని?" అని విసుక్కున్నారు. ఎన్నడూ విసుక్కోని మనిషి. రక్తపరీక్ష యంత్రం తీసి చూస్తే చక్కెర 48 ఉంది.

నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూశాను, 82కు చేరింది. ఆ వెంటనే చపాతీ తినిపించాము. ఈ జాతి మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుంది, పడిన చక్కెర మళ్లీ పడవచ్చు. అందువల్ల ఆ రోజు నడక అక్కడితో ముగించి, దగ్గరి ఊరికి చేర్చి, రాత్రంతా గమనిస్తూ ఉన్నాము. స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయరాదు, ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. తప్పు మాష్టారిది కాదు, తిండి పట్టిక రాసిన నాది. ఉదయం తిండి చెడిపోతే ఏమి తినాలో నేను ఆలోచించలేదు, మాత్ర సంగతి ముందుగా మాట్లాడలేదు.

ఇంటికి వచ్చాక లెక్క కొత్తగా వేశాను. మీరు కూడా ఇలాగే వేసుకోవచ్చు. అరవై కిలోల మనిషిని తీసుకుందాం. నిద్రలో శరీరం గంటకు, కిలో బరువుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చు చేస్తుంది. ఎనిమిది గంటలకు 480. మూటతో ఎగుడుదిగుడు దారిలో నడిస్తే గంటకు కిలోకు ఐదు. ఆరు గంటలకు 1,800. మిగిలిన పది గంటలు కూర్చోవడం, వంట, మాటలు: కిలోకు ఒకటిన్నర చొప్పున 900. మొత్తం 3,180.

అంతా తినాలా? అక్కరలేదు. రోజుకు 650 తక్కువ తిన్నా మూడు రోజులకు లోటు రెండు వేలకు మించదు. అది ఒంటి కొవ్వులో పావు కిలో. ఆరోగ్యవంతునికి అది లెక్కలోనిది కాదు. కాని కాలేయంలోను, కండరాలలోను నిలవ ఉండే పిండిపదార్థం, గ్లైకోజన్, నాలుగైదు వందల గ్రాములే. అది తరిగితే కొవ్వు ఎంత ఉన్నా కాళ్లు లేవవు. కనుక మూడు రోజుల నడకలో మొత్తం ఎంత అన్నది రెండవ ప్రశ్న. ఎంత సేపటికొకసారి అన్నది మొదటి ప్రశ్న.

మరుసటి ఏడు అదే దారిలో మేము మోసినది ఇది, మనిషికి ఒక రోజుకు. ఉదయం అటుకులు 120 గ్రాములు, నీళ్లలో నానబెట్టి, పొయ్యి అక్కరలేకుండా: 420 క్యాలరీలు. నడకలో గంటకొక ముక్క చొప్పున బుడ్డలు, బెల్లం సమంగా కలిపి చేసిన చిక్కీ 120 గ్రాములు: 560. మధ్యాహ్నం పెళపెళలాడేలా ఎండబెట్టిన జొన్నరొట్టెలు 150 గ్రాములు, బుడ్డల పొడి 40 గ్రాములు: 700. రాత్రి బియ్యం, పెసరపప్పు కలిపి 160 గ్రాములు, నెయ్యి 20 గ్రాములు: 740. పైన ఖర్జూరాలో బెల్లమో 30 గ్రాములు: 105. కూడితే 640 గ్రాములు, సుమారు 2,525 క్యాలరీలు. మూడు రోజులకు రెండు కిలోలకు లోపే. దారి తప్పితే అక్కరకు వస్తుందని మరో 150 గ్రాముల చిక్కీ విడిగా కట్టాము.

"బుడ్డలే అంత బలమైతే అవే మోయవచ్చు కదా?" అని ఆ ఏడు కూడా వెంట వచ్చిన మాష్టారు అడిగారు. కొవ్వు అరగడానికి ఆలస్యమవుతుంది, ఎక్కుడులో కడుపు బరువెక్కుతుంది. మాంసకృత్తులు మితిమీరితే వాటి వ్యర్థాన్ని మూత్రంలో పంపడానికి మరిన్ని నీళ్లు కావాలి. ఈ నేలలో వాటికే కరువు. రోజుకు మనిషికి నాలుగు లీటర్లు తాగినా, నీళ్లు తిండికి ఆరు రెట్లు తూగుతాయి. అందుకే నీళ్లతో వండేది రాత్రికి, బోరు ఉన్న ఊరి పక్కన పెట్టుకున్నాము. పగటి తిండి పొడిది, వంట లేనిది.

చిక్కీ నడకకు మంచిదే గాని, చక్కెర పడిపోయినప్పుడు పనికిరాదు. అందులోని కొవ్వు తీపిని ఆలస్యం చేస్తుంది. దానికి గ్లూకోజు పొడి గాని పంచదార గాని వేరే పొట్లంగా, మూట అడుగున కాదు, చొక్కా జేబులో ఉండాలి. మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడేవారు నడక రోజులకు మోతాదు మార్చాలా అన్నది బయలుదేరే ముందే తమ వైద్యునితో తేల్చుకోవాలి, దారిలో సొంతంగా కాదు.

ఎండలో ఆకలి తెలియదు, దానిని నమ్మవద్దు. తోటివారిని చూడండి. మాటకు బదులు తడబడినా, ఊరక విసుక్కున్నా, కారణం లేకుండా వెనుకబడినా, మొదట కూర్చోబెట్టండి. ఆ రెండవ నడకలో మాష్టారు మూడు రోజులూ మా కంటె ముందే నడిచారు. మాత్ర మోతాదును ఆయన వైద్యులు ముందే సవరించారు, జేబులో పంచదార పొట్లం ఉంది. కొండ మీద దానిని విప్పి, నలుగురికీ టీలో వేసి ఇచ్చారు.