పొరపాటున పడిన డబ్బు ఎవరికి తిరిగివ్వాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, "మీ ఖాతాలో పొరపాటున డబ్బు వేసినా, తిరిగి పంపండి" అని మనవాళ్లకు ఫోన్లు వస్తున్నాయి. నాకూ వచ్చింది. ఏం చేసినానో, ఎందుకు చేసినానో రాస్తున్నా.

మాది డోన్ దగ్గర తండా. నా స్కాలర్‌షిప్పూ, మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయిన అమ్మానాయన పంపే కూలి డబ్బులూ ఒకే ఖాతాలో పడతాయి. ఒక రోజు అందులోకి 4,500 రూపాయలు వచ్చినట్టు మెసేజ్ వచ్చింది. పది నిమిషాలకే ఫోన్. "అన్నా, నంబర్‌లో ఒక అంకె తప్పు కొట్టినా. మా అమ్మ ఆస్పత్రిలో ఉంది. మందుల దుడ్లన్నా అవి, నీ కాళ్లు మొక్కుతా" అని ఒకతను ఏడుస్తున్నాడు.

మొదట బ్యాలెన్స్ చూసినా. చాలాసార్లు మెసేజే దొంగది, ఖాతాలో ఏమీ పడి ఉండదు. మనం "తిరిగి" పంపేది మన సొంత డబ్బే. నా ఖాతాలో మాత్రం డబ్బు నిజంగానే పడింది. అయితే యాప్‌లో పంపినవారి పేరు ఒక ఆడమనిషిది. ఇతను పంపమన్నది ఇంకో నంబర్‌కు. అక్కడే అనుమానం వచ్చింది.

ఎవరినో మోసం చేసి, ఆ డబ్బు నా ఖాతాలో వేయించి ఉంటే? నేను ముందుకు పంపితే దొంగ చేతికి డబ్బు, నా ఖాతా మీద మచ్చ. మోసపోయినవాళ్లు 1930కి ఫిర్యాదు చేస్తే, పోలీసులు డబ్బు పోయిన దారి పట్టుకొని నా ఖాతాను ఆపించవచ్చు. స్కాలర్‌షిప్పూ, కూలి డబ్బులూ అందులోనే ఇరుక్కుంటాయి.

"డబ్బు నాకొద్దు అన్నా. మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వు, నేను సంతకం పెడతా" అన్నా. నిజంగా పొరపాటు పడినవానికి ఈ దారి చాలు. ఇతను తిట్టి ఫోన్ పెట్టేసినాడు.

వచ్చిన ఖాతాకే నేనే పంపేస్తే పోదా అని మీరడగొచ్చు. అవతలివాళ్లు అప్పటికే ఫిర్యాదు చేసి ఉంటే, బ్యాంకు ద్వారా అదే మొత్తం ఇంకోసారి పోయే ప్రమాదం ఉంది. అందుకే మరుసటి రోజు డోన్‌లో మా బ్యాంకుకు పోయి అర్జీ ఇచ్చినా. తేదీ, మొత్తం, యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబర్, ఫోన్ చేసిన నంబర్ రాసి, కాపీ మీద ముద్ర వేయించుకున్నా. 1930కీ చెప్పినా. ఆ 4,500 ముట్టుకోలేదు. మనది కాదని తెలిసి వాడుకుంటే అదీ నేరమే, భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద.

రెండు వారాలకు పంపినామె బ్యాంకు నుంచి ఫిర్యాదు వచ్చింది. సంతకం పెట్టినా, డబ్బు ఆమె ఖాతాకే పోయింది. ఫోన్‌లో ఏడ్చినవాడు మళ్లీ చేయలేదు.