భోగిమంటలో నీలి తోలు

2024 జనవరి 18, గురువారం

పండక్కి పలమనేరు వెళ్లి పొద్దున్నే మొదటి బస్సుకి రాణిపేట చేరాను. టానరీ గేటు దాటి లేబర్ ఇళ్ల వెనక్కి వెళ్తే భోగిమంట వేసిన చోటు కనిపించింది. బూడిద బూడిదరంగులో లేదు. పైన తెల్లగా ఉంది, పుల్లతో కెలికితే లోపల పసుపు చారలు. మంచు పడి తడిసిన అంచున ఆ పసుపు నేలమీదికి కారింది, పసుపు కొమ్ము అరగదీసిన నీళ్లలాగా.

ఏం కాల్చారని వాచ్‌మన్ పెద్దాయనని అడిగాను. "కట్టె చాల్లేదు సామీ, షెడ్డు ఎనకాల ఎండిపోయిన ముక్కలుంటే ఏశారు పిల్లోళ్లు. బాగా మండినాయి" అన్నాడు. ఆ ముక్కలు వెట్ బ్లూ తోళ్ల అంచులు. డ్రమ్ములోంచి వచ్చినప్పుడు నీలంగా, నీళ్లోడుతూ ఉంటాయి, నిప్పు అంటదు. ఎవరూ తీసుకెళ్లక ఆర్నెల్లు ఎండలో పడి చెక్కల్లా గట్టిపడ్డాయి. అలా వదిలేసింది మేమే. పిల్లల్ని ఏమనను?

పెద్దాయన భార్య ఆ బూడిదని డబ్బాకెత్తుకుని మూడు రోజులుగా గిన్నెలు తోముతోంది. "పెద్దమ్మా, అది పారెయ్యద్దు, నాకియ్యి. చేతులు సబ్బుతో కడుక్కో" అన్నాను. బూడిద అడుక్కునే కెమిస్టుని ఆమె ఎప్పుడూ చూసినట్టు లేదు.

జనవరి 19, శుక్రవారం

అయిదు గ్రాముల బూడిదని నూరు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్లో గంటసేపు కుదిపి వడగట్టాను. దిగిన నీళ్లు నిమ్మపండు రంగు. సల్ఫ్యూరిక్ ఆసిడ్ చుక్కలు వేస్తే కాస్త నారింజ వైపు తిరిగింది. క్రోమేట్ అని అప్పుడే తెలిసిపోయింది, అయినా నమ్మకం కోసం నూరు రెట్లు పలచన చేసి డైఫినైల్ కార్బజైడ్ వేశాను. నిమిషం తిరక్కుండానే ఊదా రంగు. లెక్క కడితే కిలో బూడిదకి సుమారు 1,400 మిల్లీగ్రాముల ఆరో రకం క్రోమియం.

మనం తోలుకి పట్టించేది మూడో రకం, అంటే మూడు వేలెన్సీ క్రోమియం. ఆకుపచ్చది, బద్ధకస్తురాలు, తోలు పీచుని పట్టుకుందంటే వదలదు, ఒంట్లోకి కూడా అంత తేలిగ్గా ఎక్కదు. ఆరో రకం అలా కాదు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, రూపంలో సల్ఫేట్‌ని పోలి ఉంటుంది కాబట్టి జీవకణం మన సల్ఫేటే కదా అనుకుని తలుపు తీస్తుంది. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల కాన్సర్ వస్తుందని ఎప్పుడో తేలింది. మూడో రకం ఆరో రకంగా మారాలంటే మూడు కలవాలి: వేడి, గాలి, క్షారం. భోగిమంటలో మూడూ ఉన్నాయి. కట్టెల బూడిదే క్షారం.

నవ్వు కూడా వచ్చింది. క్రోమైట్ ఖనిజానికి సోడా, సున్నం కలిపి గాలి తగిలేలా కొలిమిలో వేయించి క్రోమేట్ తీయడం ఒక పరిశ్రమే. ఈ ఊళ్లోనే మూతబడిన అలాంటి ఫ్యాక్టరీ వెనక లక్ష టన్నులకు మించిన కసువు గుట్టగా ఉండిపోయింది. దాని కింది భూగర్భజలాన్ని హైదరాబాద్ ఎన్.జి.ఆర్.ఐ. వాళ్లు వచ్చి పరిశీలించారు. మావాళ్లు అదే పని భోగిమంటలో, జీతం లేకుండా చేసిపెట్టారు.

జనవరి 20, శనివారం

బూడిద రెండు గోతాలు, ముప్ఫై కిలోలు. కింది మట్టి కూడా జానెడు లోతు తవ్వి విడిగా ఎత్తించాను. ముప్ఫై కిలోల్లో ఆరో రకం 42 గ్రాములు. గ్రాముకి పదహారు గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కావాలి, అంటే 670 గ్రాములు చాలు. కానీ బూడిదలో ఇనుముని తినే సరుకు ఇంకా ఉంటుంది కాబట్టి కిలోన్నర తీసుకున్నాను.

ముందు నీళ్లు కలిపి, ఆసిడ్ పోసి పీహెచ్ 3కి దించాలి. బూడిద బుస్సుమని పొంగింది. కొంచెం కొంచెంగా పోయాలని తెలిసీ తొందరపడి సగం బకెట్ కిందికి పొర్లించుకున్నాను. ఫెర్రస్ వేసి గంట కలిపాక పసుపు పోయి మురికి ఆకుపచ్చ వచ్చింది. సున్నపు నీళ్లతో పీహెచ్ ఎనిమిదిన్నరకి తెచ్చి, తేరిన నీటికి మళ్లీ పరీక్ష చేశాను. రంగు లేదు. అడుగు మడ్డిని డ్రమ్ముకెత్తి చీటీ అంటించాను. ఇది మందు మాత్రమే. క్రోమియం ఎక్కడికీ పోలేదు, పడుకుంది, అంతే.

జనవరి 31, బుధవారం

ఈ తేదీ రాణిపేటలో ఎవరూ మరిచిపోరు. 2015లో ఇదే రోజు తెల్లవారుజామున స్లడ్జ్ తొట్టి గోడ కూలి, పక్క టానరీలో నిద్రపోతున్న పదిమంది కార్మికులు ఆ బురదలో చనిపోయారు. స్లడ్జ్ అనగానే అందరికీ క్రోమియమే గుర్తొస్తుంది, దాని బరువు గుర్తు రాదు. ఎక్కడికి పంపాలో తేలక నిలవచేస్తూ పోతే అది కూడా చంపుతుంది.

మధ్యాహ్నం ఇటుక బట్టీ ఆయన వచ్చాడు. ఎండిన స్లడ్జ్ ఊరికే ఇస్తే మట్టిలో కలుపుకుంటానన్నాడు. మా మేనేజర్‌కి ప్రాణం లేచొచ్చింది: లారీ ఖర్చు లేదు, గుమ్మిడిపూండి ల్యాండ్‌ఫిల్ ఫీజు లేదు. నేను ఒప్పుకోలేదు. మన స్లడ్జ్‌లో సున్నం ఉంది, బట్టీలో వేడీ గాలీ ఉన్నాయి. ఇటుకలో కాల్షియం క్రోమేట్ తయారైతే అది గోడకెక్కుతుంది, వానకి కారుతుంది. ఆయనకి వేదాంతం చెప్పకుండా, స్లడ్జ్ ముద్ద ఒకటి ల్యాబ్ ఫర్నేసులో ఎర్రగా కాల్చి నీళ్లలో వేసి చూపించాను. పసుపు దిగింది. కొంచెంసేపు చూసి, "వద్దులే సార్, ఉత్త మట్టి ఇటుకలే అమ్ముకుంటాను" అన్నాడు.

ల్యాండ్‌ఫిల్‌కి పంపడమూ గొప్పేం కాదు. సిమెంటుతో గట్టిపరిచి, ప్లాస్టిక్ పొరలు పరిచిన గోతిలో పూడ్చడమే. మూడో రకానికి అది సరిపోతుంది. ఆరో రకం ఉంటే ముందు ఫెర్రస్, తర్వాతే సిమెంటు. ఉత్త సిమెంటు కూడా క్షారమే, క్రోమేట్‌ని పట్టి ఉంచలేదు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

అసలు స్లడ్జ్‌లోకి ఇంత క్రోమియం ఎందుకు పోవాలి? టన్ను తోలుకి 80 కిలోల క్రోమ్ పౌడర్ వేస్తాం. అందులో అసలు క్రోమియం సుమారు 13.7 కిలోలు. తోలు పట్టుకునేది డెబ్బై శాతం. మిగతా నాలుగు కిలోలు పన్నెండు వందల లీటర్ల ముదురు ఆకుపచ్చ నీళ్లలో డ్రమ్ములోంచి కాలువకి, కాలువలోంచి కామన్ ప్లాంటుకి పోయి, అక్కడ వేల లీటర్ల మురుగులో కలిసి, సున్నంతో చేరి స్లడ్జ్ అవుతాయి. కాలువలో పడకముందు అది సరుకు, పడ్డాక చెత్త.

వారం పోట్లాడితే క్రోమ్ డ్రమ్ము కింద వేరే కాలువ, వేరే ట్యాంకు కట్టించారు. ఇవాళ మొదటి బ్యాచ్. వెంట్రుకలూ కొవ్వూ జల్లెడ పట్టి, మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని నీళ్లలో కలిపి మెల్లగా పోశాం, టన్ను తోలు లిక్కర్‌కి ఆరు కిలోల లెక్కన. మూడు గంటలు కలిపాక పీహెచ్ 8.6. కాస్టిక్ సోడా అగ్గువే, కానీ దాంతో వచ్చే మడ్డి జావలాగా తేలుతుంది, రాత్రంతా ఆగినా దిగదు. చెయ్యి జారి ఎక్కువైతే కూర్చున్న క్రోమియం మళ్లీ కరుగుతుంది కూడా. మెగ్నీషియా ఎక్కువైనా పీహెచ్‌ని అంత పైకి తీసుకుపోదు, మడ్డి ఇసుకలా కూర్చుంటుంది.

ఫిబ్రవరి 10, శనివారం

పొద్దున్న ట్యాంకు మూత తీస్తే పైన తేటనీళ్లు, అడుగున జానెడు ఆకుపచ్చ ముద్ద. తేటని ప్లాంటుకి వదిలి, ముద్దకి సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోసి పీహెచ్ 2.7 దగ్గర కరిగించాం. మళ్లీ క్రోమ్ లిక్కర్.

ఓనర్ వేలు ముంచి చూసి, "షేడ్ మారితే?" అన్నాడు. భయం న్యాయమైనదే. ఇందులో కొవ్వూ ఉప్పూ కొంత మిగులుతాయి, తిప్పితిప్పి వాడితే పేరుకుని తోలుమీద మచ్చలు పడతాయి. అందుకే మూడోవంతుకి మించి కలపం, మిగతాది కొత్త పౌడరే. "ముందు లైనింగ్ తోలుకి వాడదాం బాయ్, షూ అప్పర్ జోలికి ఇప్పుడే వద్దు" అన్నాను. సరేనన్నాడు.

ఫిబ్రవరి 20, మంగళవారం

షేవింగ్ పొట్టు కొంటానని ఒకాయన ఫోన్. కిలోకి మంచి ధరే. దేనికి అంటే "అన్నిటికీ" అన్నాడు. ఆ అన్నిటిలో కోళ్ల మేత ఉంటుందని నాకు తెలుసు. ఢాకా హజారీబాగ్‌లో ఇదే పొట్టు ఉడికించి, ఎండబెట్టి, మేతలో కలిపేవారు. 2011లో అక్కడి హైకోర్టు ఆపమనాల్సి వచ్చింది. మాంసకృత్తి ఉన్నమాట నిజమే. క్రోమియం దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. ఫోన్ పెట్టేశాను.

బదులుగా వాణియంబాడి దారిలో లెదర్ బోర్డు మిల్లుకి వెళ్లాను. పొట్టుని నీళ్లలో నానబెట్టి, రెండు పళ్ల చక్రాల మధ్య రుబ్బి పీచుగా విడదీస్తారు. దాంట్లో తంగేడు చెక్కతో ఊనిన తోలు పీచూ రబ్బరు పాలూ కలిపి, పటికతో గడ్డకట్టించి, జల్లెడమీద పరిచి, నొక్కి ఆరబెడితే అట్ట. చెప్పుల ఇన్సోల్ అదే. ఎక్కడా మంట లేదు, అదే నాకు నచ్చింది. అయితే ఆ మేస్త్రీకి షరతులున్నాయి: రంగు వేయని పొట్టే కావాలి, సున్నం దశలో గీకిన కండ ఒక్కటి కూడా కలవకూడదు (కుళ్లి అట్ట ఉబ్బుతుంది), మేకు కనిపిస్తే లారీ వెనక్కే. మేం ఇన్నాళ్లూ అన్నీ ఒకే గుట్టలో పోశాం.

వచ్చేదారిలో ఇంకో ఆలోచన. ఆ చెప్పు అరిగాక ఏ చెత్తకుప్పలోనో మంటలో పడుతుంది కదా. అయిదేళ్లు వాయిదా వేశాం, అంతే. ఐనా మొన్నటి భోగిమంటకన్నా అది మేలు.

మార్చి 4, సోమవారం

షెడ్డులో ఇప్పుడు మూడు తొట్లు: పొట్టు, వెట్ బ్లూ అంచులు, రంగూ పాలిషూ పూసిన ముక్కలు. మొదటిది బోర్డు మిల్లుకి రెండు లారీలు పోయింది. రెండోది ముందు సన్నగా కోయాలట, కోత మిషను అద్దెకి మాట్లాడాం.

మూడోది ఎవరికీ వద్దు. పూత రుబ్బుడుకి లొంగదు, అట్టలో పొక్కులు లేస్తాయి. చిన్న ముక్కల్ని తాళంచెవి గొలుసులు చేసేవాళ్లు ఏరుకుపోయారు. తక్కినవి పదకొండు మూటలు. తొంభై రోజులకి మించి ఆవరణలో ఉంచకూడదని రూల్. మూటలమీద తేదీ రాయించాను, జనవరి 18 నుంచి లెక్క. ఇవాళ్టికి నలభై ఆరు. పెద్దమ్మ గిన్నెలు తోముతూ కేకేసింది, "సామీ, ఆ మూటలు మల్లా ఎండతా ఉండాయి, తడిపేదా?" టార్పాలిన్ కప్పమన్నాను. గుమ్మిడిపూండి లారీ గురువారం వస్తుందన్నారు, క్రోమ్ లిక్కర్‌ని పక్కకి మళ్లించాక మిగిలిన ప్లాంటు మడ్డితోపాటు ఇవీ ఎక్కుతాయో లేదో ఫారం నింపేటప్పుడు తెలుస్తుంది.