గుమ్మిలో చెయ్యి పెడితే వేడి తగిలింది

రెండేళ్ల కిందటి సెప్టెంబరు నెల. వానలు తెరిపి ఇచ్చాయి. యాసంగి జొన్న వేయాలని మేము గుమ్మి మూత తీశాం. ఫిబ్రవరిలో కోసి, కొట్టి, తూర్పారబట్టి నింపిన 70 కిలోల పచ్చజొన్న అది. అందులో 30 కిలోలు విత్తనం. మా ఒక్క ఇంటిది కాదు, మరో మూడిళ్ల విత్తనం కూడా మా దగ్గరే ఉంది. ఉట్నూరు చుట్టుపక్కల మా గూడేలలో ఇప్పుడు ఎటు చూసినా పత్తే. పచ్చజొన్న వేసే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పత్తి విత్తనం పోతే దుకాణంలో ఇంకో పాకెట్ దొరుకుతుంది. మా పచ్చజొన్న పోతే ఏ దుకాణంలో అడగాలి?

గుమ్మిలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చాం. లోపల వెచ్చగా తగిలింది. ఎండలో పెట్టని గింజ వెచ్చగా ఉందంటే లోపల ఊపిరి పీల్చేవి చాలా ఉన్నాయన్న మాట. చెయ్యి బయటికి తీసేసరికి నల్లటి పురుగులు మోచేతి మీదుగా పైకి పాకుతున్నాయి. గుప్పెట్లో గింజల కంటే పొట్టూ పిండీ ఎక్కువ ఉన్నాయి.

పక్కింటి అన్న వచ్చి చూసి, "లక్క పురుగు పట్టింది సారూ. సంతలో మాత్రలు దొరుకుతయి, రెండు వేస్తే తెల్లారేసరికి ఒక్కటి మిగలదు" అన్నాడు. పురుగులు చచ్చేది నిజమే. ఆ మాత్ర గాలిలోని చెమ్మ తగిలితే విషవాయువు వదులుతుంది. గాలి చొరబడకుండా కప్పిన పెద్ద గోదాములో, శిక్షణ ఉన్నవాళ్లు వాడాల్సిన మందు అది. మా గుమ్మి ఉన్నది మేము పడుకునే గదిలోనే. మా చుట్టాల ఊళ్లో ఒకాయన అట్లాగే గుమ్మిలో మాత్రలు వేసి తలుపేసుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి పిల్లలకు వాంతులు, తలనొప్పి మొదలయ్యాయి. వాళ్లను దవాఖానాకు మోసుకుపోయారు, బతికారు. ఆ సంగతి చెప్తే అన్న ఇంకేం మాట్లాడలేదు.

ముందు ఇది ఏ పురుగో చూద్దామనుకున్నాం. మా దగ్గర బియ్యంలో, జొన్నలో, పిండిలో కనబడే వాటన్నిటినీ లక్క పురుగే అంటాం. పేరు ఒకటే కావడంతో మందూ ఒకటే అనుకుంటాం. బడి నుంచి భూతద్దం తెచ్చి, తెల్ల కాగితం మీద గుప్పెడు గింజలు పోసి చూశాం. రెండు రకాలు కనబడ్డాయి.

ఒకటి బియ్యపు గింజలో సగం పొడవుంది. ముదురు గోధుమ రంగు, ముందుకు పొడుచుకొచ్చిన సన్నని ముక్కు. రెక్కల మీద ఎర్రటి మచ్చలు నాలుగు లీలగా కనబడతాయి. పుల్లతో కదిపితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుకుంటుంది, కాసేపటికి లేచి నడుస్తుంది. ఇది ముక్కు పురుగు. ఆడది ఆ ముక్కుతోనే గింజకు చిన్న గుంట తొలిచి, ఒక గుడ్డు పెట్టి, జిగురుతో పూడ్చేస్తుంది. బయటి నుంచి చూస్తే గింజ మంచిగానే ఉంటుంది. కాళ్లు లేని తెల్లటి పిల్ల పురుగు ఆ గింజలోనే పుట్టి, అక్కడే తిని, అక్కడే పెరిగి, పెద్దయ్యాక గుండ్రంగా కొరుక్కుని బయటికి వస్తుంది. వానాకాలపు ఉక్కలో దీనికంతా నెల, ఐదు వారాలు చాలు. ఒక్క ఆడది బతికినన్నాళ్లలో రెండు మూడు వందల గుడ్లు పెట్టగలదు.

రెండోది చదునుగా, ఎర్రగా, నున్నగా ఉంది. దానికి ముక్కు లేదు. మీసాల చివర గుత్తిలా లావుగా ఉంటుంది. ఇది ఎర్ర పిండి పురుగు. గట్టి గింజను తొలిచే శక్తి దీనికి లేదు. నూకా తౌడూ పిండీ దీని తిండి. గుడ్లు కూడా పిండిలోనే విడిగా పెడుతుంది. ఇది ఎక్కువైతే పిండికి ఘాటు వాసన వస్తుంది, రంగు కూడా కొంచెం మారుతుంది. గుమ్మిలో దీన్ని చూశామంటే, అంతకు ముందే ఇంకొకరు గింజను పొడి చేసిపెట్టారని అర్థం. మా గుమ్మిలో ఆ పని చేసింది ముక్కు పురుగు. ఎర్రది దాని ఎంగిలి తింటోంది.

ఈ తేడా తెలిశాక, ఏటా మేము చేస్తున్న పొరపాటు బయటపడింది. పురుగు పట్టగానే జొన్నను జల్లెడ పట్టి వాకిట్లో ఎండబోస్తాం. ఎండ తగలగానే పెద్ద పురుగులు అంచులకు పాకి గోడ పగుళ్లలో దూరతాయి. జొన్న శుభ్రమైందని మళ్లీ గుమ్మిలో పోస్తాం. గింజ లోపలి పిల్లలు మాత్రం గుమ్మిలోకే వెళ్తాయి. మూడు నాలుగు వారాలకు మళ్లీ అదే కథ. జల్లెడ పిండి పురుగుకు పనికొస్తుంది, ఎందుకంటే అది బయటే ఉంటుంది. ముక్కు పురుగు సంసారం గింజ లోపల ఉంటుంది, జల్లెడ దాన్ని పట్టలేదు.

గింజ లోపల ఎంత పోయిందో తెలుసుకోవడానికి వంద గింజలు లెక్కపెట్టి నీళ్లలో వేశాం. 37 తేలాయి. తేలినవాటిని బ్లేడుతో కోస్తే కొన్నింటిలో ఖాళీ గుల్ల, కొన్నింటిలో తెల్లటి పురుగు ఉన్నాయి. ఇంకో వంద గింజలు తడిగుడ్డలో మూటకట్టి నాలుగు రోజులు ఉంచితే 52 మొలిచాయి.

పారేయలేదు. విత్తనం మొత్తాన్ని జల్లెడ పట్టి, విత్తే ముందు రోజు నీళ్లలో పోసి, తేలినవి తీసేసి, మునిగినవి నీడలో ఆరబెట్టాం. 30 కిలోలకు 18 కిలోలు మిగిలాయి. వాటి మొలక చూస్తే వందకు 79. మునిగిన గింజలో కూడా చిన్న పురుగు ఉండొచ్చు కాబట్టి వందకు వంద రావు. ఎకరానికి నాలుగు కిలోలు పట్టే చోట ఐదు చొప్పున వేసి, మూడిళ్లకూ పంచి, మేము ఒక ఎకరం తగ్గించుకున్నాం. తడిపిన విత్తనం దాచడానికి పనికిరాదు, వెంటనే వేసేయాలి. జల్లెడలో దిగిన పొట్టూ పురుగూ ఇంటి పక్కన పారబోయకుండా కొంత కోళ్లకు వేసి, మిగతాది కాల్చేశాం.

ఆ తర్వాత కూర్చుని, ఇది ఎక్కడ మొదలైందో ఆలోచించాం. మా పెద్దవ్వ ఒక్క మాట అంది: "మేము విత్తనం ఎన్నడు గుమ్మిల పోసినం? కంకులు పొయ్యి మీద కట్టేటోళ్లం." అవును. ఏరిన కంకులు దూలానికి వేలాడేవి. కింద రోజూ కట్టెల పొయ్యి మండేది. ఆ వేడికి గింజలో చెమ్మ ఉండేది కాదు, పొగకు పురుగు దగ్గరికి వచ్చేది కాదు. ఇప్పుడు గ్యాసు పొయ్యి వచ్చింది, రేకుల ఇల్లు వచ్చింది. పొగ పోయింది, మా కళ్లకు మంచిదే. కానీ పొగ చేసే పని ఇంకెవరు చేయాలో మేము ఆలోచించలేదు. పైగా ఆ ఏడు మబ్బులకు భయపడి రెండు రోజులే ఎండబెట్టి నింపాం. గుమ్మి అడుగున పాత జొన్న రెండు శేర్లు అట్లాగే ఉండిపోయింది. పాత పురుగుకు కొత్త తిండి మేమే పెట్టాం.

మరుసటి పంటకు పద్ధతి మార్చాం. గుమ్మిని పూర్తిగా ఖాళీ చేసి, పగుళ్లన్నీ గీకి, ఎర్రమట్టీ పేడా కలిపి అలికి, వారం రోజులు ఎండలో పెట్టాం. జొన్నను నాలుగు రోజులు పలుచగా ఎండబెట్టాం. పంటి కింద పెడితే నలగకుండా టక్కున విరగాలి. బడి పిల్లలతో ఇంకో పరీక్ష చేశాం. పొడి గాజుసీసాలో మూడోవంతు జొన్న, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత పెట్టి బాగా ఊపి, పావుగంట ఆగాలి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజలో నూటికి 15 పాళ్లకు మించి తేమ ఉన్నట్టు. అంటుకోకపోతే అంతకు తక్కువ. కానీ 15 కంటే తక్కువైతే సరిపోదు, 12 లోపు ఉండాలి. అందుకే ఉప్పు అంటుకోవడం మానేశాక కూడా ఇంకో రెండు రోజులు ఎండబెట్టాం.

తినే జొన్నకు ఏప్రిల్ ఎండను వాడుకున్నాం. కింద నల్ల టార్పాలిన్, మీద రెండు వేళ్ల మందంలో జొన్న, దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు, చుట్టూ అంచులకు రాళ్లు. పొద్దున 11 నుంచి 3 దాకా కదపలేదు. లోపల వేడి 55 డిగ్రీలు దాటి గంటసేపు నిలిస్తే గింజలోని గుడ్డూ పిల్లా కూడా చస్తాయి. కవరు కింద చెయ్యి పెట్టి ఆపలేనంత వేడి ఉండాలి. తర్వాత నీడలో చల్లార్చాకే గుమ్మిలో పోశాం. వేడిగా పోస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. విత్తనాన్ని మాత్రం ఈ కవరు కింద పెట్టలేదు, మొలక దెబ్బతింటుందేమోనని.

విత్తనానికి మూత బిగుతుగా పట్టే పాత నూనె డబ్బాలు తెచ్చి, కడిగి, ఎండబెట్టాం. విత్తనం నింపి, డబ్బాను తట్టి, మళ్లీ అంచు దాకా నింపాం. మూత చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోశాం. లోపల ఉన్న కొద్ది గాలిని గింజా పురుగూ పీల్చుకుని అయిపోగొడతాయి. ఆ తర్వాత పురుగు బతకదు. డబ్బా సగమే నింపితే గాలి ఎక్కువ ఉండి ఇది పనిచేయదు. మధ్యలో చూద్దామని మూత తీసినా అంతే. తడి గింజ నింపితే పురుగు చస్తుంది గానీ గింజ కూడా పాడవుతుంది.

డబ్బా సరిపోని ఐదు కిలోలను కుండలో బూడిదతో ఉంచాం. జల్లించిన పొడి కట్టెబూడిద, పది కిలోల గింజకు అర కిలో చొప్పున, గింజగింజకూ అంటేలా కలిపాం. బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకి దాన్ని ఎండగొడుతుంది. గింజ లోపలి పిల్లను ఏమీ చేయదు, అది బయటికి వచ్చాకే చస్తుంది. వేపాకు, వావిలాకు కూడా ఎండబెట్టి పైన వేశాం. వాటి వాసనకు కొత్త పురుగు దూరంగా ఉంటుంది, ఉన్న పురుగు చావదు.

పిండి విషయం తేలిక. వానాకాలంలో పది రోజులకు సరిపడా జొన్నే గిర్నీకి తీసుకుపోతున్నాం. ముందటివాళ్ల పిండి గిర్నీలో మిగిలి ఉంటుంది కాబట్టి మొదటి గుప్పెడు కోళ్లకు వేస్తాం. పాత పిండి మీద కొత్త పిండి పోయకుండా, డబ్బా ఖాళీ అయ్యాక తుడిచి ఎండలో పెడతాం.

పోయిన సెప్టెంబరులో నలుగురి ముందు డబ్బాల మైనం గీకి మూత తీశాం. పైన ముక్కు పురుగులు నాలుగు చచ్చి ఎండిపోయి ఉన్నాయి. చేను నుంచే వచ్చి ఉంటాయి. చెయ్యి పెడితే జొన్న చల్లగా ఉంది. వందకు 92 మొలిచాయి. బూడిద కుండలో 84. గుమ్మిలోని తిండి జొన్నలో మాత్రం ఆగస్టు నుంచి పురుగు కొంచెం కనబడింది, రోజూ మూత తీసే గుమ్మి కదా.

మాత్రలు తెమ్మన్న అన్న రెండు ఖాళీ డబ్బాలు చంకన పెట్టుకుని పోయాడు. ఈసారి వాళ్ల విత్తనం వాళ్లింట్లోనే ఉంటుందట. పెద్దవ్వ మాత్రం డబ్బాను ఇంకా నమ్మలేదు. ఇరవై కంకులు ఏరి, బయట నీళ్లు కాచే పొయ్యి మీద చూరుకు కట్టించింది. మేము వద్దనలేదు.