ఏడో ఇంట కుజుడు

పోయిన నెలలో మా పెదనాన్నగారి షష్టిపూర్తికి బంధువులమంతా కలిశాం. భోజనాలయ్యాక, మా పిన్ని కూతురికి దాదాపు కుదిరిన సంబంధం కుజదోషం వల్ల ఆగిపోయేలా ఉందన్న మాట వచ్చింది. "అన్నయ్యా, నీకు జాతకం వేయడం వచ్చుగా, అందులో ఉన్నది ఇక తప్పదా?" అంటూ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నా చుట్టూ చేరారు. ఆ పూట వాళ్ళకు చెప్పిన మాటలను కాస్త క్రమంలో పెట్టి రాస్తున్నాను.

ముందు ఈ దోషం ఎలా లెక్కిస్తారో తెలుసుకోండి. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాలలో ఎక్కడైనా కుజుడుంటే దోషమని మనవైపు లెక్క. ఉన్నవే పన్నెండు ఇళ్ళు, అందులో అయిదింటికి దోషం. అంటే లగ్నం ఒక్కటే చూసినా నూటికి నలభై మందికి పైగా దోషజాతకులే. చంద్రుడి నుంచి కూడా లెక్కించాలంటారు. అలా చూస్తే ఏదో ఒక విధంగా దోషం తగిలేవారు నూటికి అరవై అయిదు మంది దాకా తేలతారు. ఇంతమందికి వైధవ్యమో విడాకులో రాసిపెట్టి ఉంటే మన వీధిలో సంసారాలే ఉండకూడదు. ఈ ఇబ్బంది పాతవాళ్ళకూ తెలిసే ఉంటుంది. కుజుడు మేషవృశ్చికాలలోనో, ఉచ్చ అయిన మకరంలోనో ఉంటే దోషం లేదన్నారు. ఇద్దరికీ ఉంటే పరిహారమైపోయిందన్నారు. ఇన్ని మినహాయింపులున్న దానిని శిలాశాసనంలా చదవకూడదు.

ఇప్పుడు మన చెల్లి జాతకమే చూద్దాం. ధనుర్లగ్నం, మిథునంలో కుజుడు. ధనుస్సు నుంచి మిథునం ఏడో ఇల్లు, కాబట్టి దోషమన్నారు. చంద్రుడు తులలో ఉన్నాడు, అక్కడి నుంచి మిథునం తొమ్మిదోది, ఆ లెక్కన దోషం లేదు. అంటే మొత్తం అభ్యంతరం లగ్నం మీదే నిలబడి ఉంది. ఆ లగ్నం ఎంత గట్టిదో చూడండి. కాగితంలో లగ్నస్ఫుటం 8-29-10 అని వేశారు. ఎనిమిది రాశులు దాటి, ధనుస్సులో 29 భాగల 10 లిప్తలు నడిచిందని దాని అర్థం. రాశికి 30 భాగలే. లగ్నం ఒక భాగ కదలడానికి సుమారు 4 నిమిషాలు పడుతుంది. అమ్మాయి మరో నాలుగు నిమిషాలు ఆలస్యంగా పుట్టి ఉంటే మకరలగ్నమయ్యేది. మకరం నుంచి మిథునం ఆరో ఇల్లు, అక్కడ దోషం లేదు.

ఆ నాలుగు నిమిషాలకు సాక్షి ఎవరు? పురిటిగదిలో నర్సు బిడ్డను చూసుకుని, తల్లిని చూసుకుని, ఆ తరవాత గోడగడియారం చూసి ఉంటుంది. జననమంటే తల బయటికి రావడమా, తొలి ఏడుపా, బొడ్డు కోయడమా అన్నదాని మీద జ్యోతిష్కులలోనే ఏకాభిప్రాయం లేదు. అయనాంశ సంగతి వేరే. గ్రహాల స్థానాల నుంచి తీసివేసే ఆ భాగలు లాహిరి పద్ధతిలో ఇప్పుడు 24 దాకా ఉన్నాయి, బి.వి.రామన్ పద్ధతిలో దాదాపు ఒకటిన్నర తక్కువ. తీసివేసేది తగ్గితే స్ఫుటం పెరుగుతుంది. రామన్ లెక్కన ఈ అమ్మాయి పుట్టిన సమయం మార్చకుండానే మకరలగ్నం వస్తుంది! అందుకే జాతకం చేతికి రాగానే ఫలితాల జోలికి పోకుండా లగ్నస్ఫుటం చూడండి. భాగలు రెండుకు లోపో, ఇరవై ఎనిమిదికి పైనో ఉంటే ఆ లగ్నం మీద కట్టినవన్నీ అనుమానించవలసినవే.

"మరయితే దాన్ని చించి పారేయమంటావా?" అని ఒక తమ్ముడు అడిగాడు. అక్కర్లేదురా అన్నాను. గ్రహం మనిషిని చంపుతుందనడానికి రుజువేదీ లేదు. కానీ పెద్దలు ఆ కాగితాన్ని నమ్ముతారు, దాన్ని మంచికి వాడుకోవచ్చు. వరాహమిహిరుడు లఘుజాతకంలో ఈ శాస్త్రాన్ని చీకట్లో వస్తువులను చూపే దీపంతో పోల్చాడు. దీపం గొయ్యి ఉందేమో చూసుకోమంటుంది, పడితీరాలనదు. ఏడో ఇంట కుజుడంటే కోపం, పంతం, తగవు అని చెబుతారు. సరే, వాటినే ప్రశ్నలుగా మార్చుకోండి. ఆ అబ్బాయికి కోపమొస్తే ఏం చేస్తాడు? ఇంట్లో మాట పట్టింపు వస్తే ముందు ఎవరు పలకరిస్తారు? అప్పులున్నాయా? పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం సంగతేమిటి? ఇవి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అడుగుకోవలసినవి. మన చెల్లికి కోపం ఉంటే అది కూడా అక్కడే చెప్పాలి.

జవాబులు నచ్చకపోతే సంబంధం వదులుకోండి, అప్పుడు కారణం మీ చేతిలో ఉంటుంది. నాలుగు నిమిషాల తేడాకు మాత్రం వదులుకోకండి. ఇంకో మాట. రేపు ఇంకెవరిదో జాతకం దివ్యంగా కలిసిందని, గుణాలు ముప్ఫైకి పైగా వచ్చాయని చెబితే, అప్పుడూ ఈ ప్రశ్నలు అడగడం మానకండి.